పోస్టర్ ముందు తొలి వాక్యం

పోస్టర్ పక్కన నిలబడ్డ విద్యార్థి చాలాసార్లు పేరు, విభాగం, గైడు, పద్ధతి అంటూ వరుసగా చెప్పుకొస్తాడు. ఫలితం దగ్గరకు వచ్చేసరికి వినేవారు పక్క పోస్టరుకు వెళ్లిపోతారు. ఈ వరుసను తిరగేయాలి.

లిటిల్ అండమాన్ తీరాన గుడ్లు పెట్టే లెదర్‌బ్యాక్ తాబేళ్లకు 2011 నుంచి కొన్నేళ్లపాటు పరిశోధకులు ఉపగ్రహ ట్యాగులు అమర్చారు. ఆ అధ్యయనమే పోస్టరైతే, పేరు చెప్పగానే రావాల్సిన మాట ఇది: “లిటిల్ అండమాన్‌లో గుడ్లు పెట్టాక, మేం ట్యాగు వేసిన తాబేళ్లలో కొన్ని ఆస్ట్రేలియా వైపు, కొన్ని ఆఫ్రికా వైపు ఈదాయి.”

ట్యాగు ఏ రకమో, మ్యాపు ఎలా గీశారో అడిగినప్పుడు చెప్పొచ్చు. “మేం ట్యాగు వేసిన” అన్న ముక్కను మాత్రం తీసేయకూడదు. ఊపిరి మిగుల్చుకుందామని “అండమాన్ తాబేళ్లు ఆస్ట్రేలియా, ఆఫ్రికా వెళ్తాయి” అంటే, కొద్ది ఆడ తాబేళ్ల దారిని అన్నిటికీ అంటగట్టినట్టే. మగవి గుడ్ల తీరానికి రావు కదా, వాటికి ట్యాగు ఎక్కడ పడింది? పైగా సంకేతం మధ్యలో ఆగితే, ఆ తాబేలు చివరికి ఎక్కడికి చేరిందో తెలియదు.

వాక్యం పనిచేసిందో లేదో ఎదుటివారి ప్రశ్నే చెబుతుంది. “రెండు దారులెందుకు?” అంటే చేరినట్టు. “ఇంతకీ మీ టాపిక్ ఏమిటి?” అంటే, చెప్పినదాంట్లో తాబేలు కనబడలేదన్నమాట.