పోస్టింగ్ నోట్సులోనే ఉంది మీ సిఫార్సు లేఖ

అమెరికాలో రెసిడెన్సీకి దరఖాస్తు చేసే మన పీజీ డాక్టర్లకు తరచూ వినిపించే మాట: 'నువ్వే రాసుకుని తీసుకురా, సంతకం పెడతా'. పని తేలికైందని సంబరపడకండి. అలా తయారైన లేఖలో 'కష్టపడే స్వభావం, మంచి నడవడిక' లాంటి మాటలే ఉంటాయి. అవి ఎవరికైనా సరిపోతాయి కాబట్టి మీకు ఉపయోగపడవు. పైగా మీ గురించి మీరే రాసుకుని ఇంకొకరితో సంతకం పెట్టించడం నిజాయతీ అనిపించుకోదు.

నన్నడిగితే, కన్సల్టెంట్ చేతిలో పెట్టాల్సింది ఆయన యూనిట్లో మీ పోస్టింగ్ మూల్యాంకన నోట్సు. ఉదాహరణకు జనరల్ మెడిసిన్‌లో మూడు నెలలు చేసిన రెసిడెంట్ నోట్సు ఇలా ఉందనుకోండి. మొదటి నెల: 'కేసు సాగదీసి చెబుతోంది, అసలు విషయం చివర్లో వస్తోంది'. మూడో నెల: 'డయాబెటిక్ కీటోఅసిడోసిస్ కేసు. పొటాషియం 2.9. ఇన్సులిన్ పెట్టబోతుంటే ఆపి, ముందు పొటాషియం ఎక్కించాలంది'.

ఈ రెండో నోట్ విలువ ఏమిటి? ఇన్సులిన్ పొటాషియాన్ని కణాల్లోకి పంపుతుంది. అసలే తక్కువున్నప్పుడు ఇస్తే గుండె లయ తప్పే ప్రమాదముంది. హడావుడిలోనూ ఆమె రిపోర్టు చూసి ఆలోచించిందని దీంతో తెలుస్తుంది. ఇక మొదటి నెల వ్యాఖ్యను తీసేయమని అడగొద్దు. 'మొదట్లో కేసు క్లుప్తంగా చెప్పలేకపోయేది, చెప్పాక దిద్దుకుంది' అని ఉంటేనే తర్వాతి మెప్పును చదివేవారు నమ్ముతారు.

ఇలాంటి నోట్సు చివరి నిమిషంలో పుట్టదు. ప్రతి పోస్టింగ్ ఆఖరి వారంలోనే అడగండి. 'బాగా చేసింది' అని మాత్రమే రాస్తే, 'ఏ కేసులో సార్?' అని మర్యాదగా అడిగి రాయించుకోండి. ఆయన కళ్లారా చూడని సంఘటనలు చేర్చొద్దు. రోగి పేరు, ఐపీ నంబరు తీసేసి, లాగ్‌బుక్ ప్రతితో కలిపి ఇవ్వండి.

దరఖాస్తు పద్ధతిలో ఒక మెలిక ఉంది. ఈరాస్ పోర్టల్‌లో లేఖను అప్‌లోడ్ చేసేది మీరు కాదు, రాసినవారే. దాన్ని చూసే హక్కును అభ్యర్థులు సాధారణంగా వదులుకుంటారు. అంటే తర్వాత దిద్దే వీలుండదు. ఒక్కో ప్రోగ్రాముకు గరిష్ఠంగా నాలుగు లేఖలే పంపొచ్చు. అందుకే హోదా చూసి హెచ్‌ఓడీ దగ్గరకు పరుగెత్తకుండా, వార్డులో రోజూ మీ పని చూసినవారిని అడగండి. అక్కడి ఆసుపత్రుల్లో పనిచేసినప్పుడు వచ్చే లేఖలను చాలా ప్రోగ్రాములు కోరతాయి. ఇక్కడి లేఖ వాటికి తోడే తప్ప బదులు కాదు.

నోట్సు ఇచ్చే ముందు మీ పేరు చెరిపి, మీ బ్యాచ్‌మేట్ పేరు పెట్టి చదవండి. అప్పుడూ సరిపోయిందా? అయితే ఆ పోస్టింగ్ నుంచి మంచి లేఖ రాదు. ఇంకో యూనిట్ తలుపు తట్టండి.