టాప్ టెన్ సేఫ్ అని ఎవడు చెప్పాడు?

మొన్న శనివారం మా రూమ్మేట్‌తో చిన్న సైజు యుద్ధం జరిగింది. ఇక్కడ న్యూజెర్సీలో గోల్ఫ్ మీద పందెం చట్టబద్ధమే (ఇండియాలో 2025 చట్టం వచ్చాక ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడడమే నిషేధం, కాబట్టి అక్కడివాళ్లు దీన్ని లెక్కల పాఠంగా చదువుకోండి). మావాడి సిద్ధాంతం ఏంటంటే, "ఔట్‌రైట్ అంటే లాటరీ, టాప్ టెన్ అంటే ఇన్వెస్ట్‌మెంట్". ఈ సీజన్లో ఆ ఇన్వెస్ట్‌మెంట్ 1,800 డాలర్లు మింగింది. అయినా "మోడల్ కరెక్టే, లక్కే బాలేదు" అంటాడు. నా కడుపుమంట అక్కడే.

వాడి ముడిసరుకు స్ట్రోక్స్ గెయిన్డ్. కొలంబియా ప్రొఫెసర్ మార్క్ బ్రాడీ తయారుచేసిన కొలత ఇది. ఎనిమిది అడుగుల నుంచి ప్రొఫెషనల్స్ సగటున 1.5 షాట్లలో బంతి రంధ్రంలో వేస్తారనుకోండి, మీరు ఒక్క పట్‌తో వేసేస్తే 0.5 సంపాదించినట్టు. రౌండంతా కూడితే ఫీల్డ్ సగటు కంటే మీరు ఎంత మెరుగో తెలుస్తుంది. కొలత బంగారమే. దాన్ని వాడిన తీరే ఇత్తడి.

వాడి షీట్లో ఒక ఆటగాడికి గత 8 రౌండ్ల సగటు +1.6 ఉంది. నేను చేసిన మోటు లెక్క ఇదిగో. ఒక ఆటగాడి స్కోరు రౌండుకీ రౌండుకీ సుమారు 2.75 స్ట్రోకుల స్టాండర్డ్ డీవియేషన్‌తో ఊగుతుంది, నాలుగు రౌండ్లకి దానికి రెట్టింపు. 156 మంది ఉన్న ఫీల్డ్‌లో టాప్ టెన్ గీత సగటు కంటే 10 స్ట్రోకులు పైన ఉంటుందనుకున్నాను. కట్‌ని పట్టించుకోలేదు.

```
from statistics import NormalDist
def p(sg, line=10, sd=2.75):
    return 1 - NormalDist().cdf((line - 4*sg) / (2*sd))
```

`p(1.6)` అంటే 25.6 శాతం. బుకీ 5.0 ఇస్తున్నాడు, అంటే 20 శాతం దాటితే లాభమే. మావాడు ఎగిరి గంతేశాడు.

ఆగు నాయనా! 8 రౌండ్ల సగటులో స్టాండర్డ్ ఎర్రర్ ఎంత? 2.75ని రూట్ 8తో భాగిస్తే 0.97. అంటే నీ 1.6 నిజానికి 0.6 అయినా, 2.6 అయినా ఆశ్చర్యపోనక్కర్లేదు. పైగా ఆ 1.6లో 0.9 పటింగ్ నుంచి వచ్చింది. అన్నిట్లోకీ పటింగే ముందు ఆవిరైపోతుంది, అప్రోచ్ షాట్లలో వచ్చిన లాభం కాస్త నిలబడుతుంది. ఇదే మనిషి ఏడాదిన్నర సగటు +0.8. పాతదానికి మూడొంతులు, కొత్తదానికి ఒక వంతు బరువు ఇస్తే +1.0 వస్తుంది. ఇప్పుడు `p(1.0)` చూడండి, 13.8 శాతం. రౌండుకి 0.6 స్ట్రోకు తేడా వస్తే అవకాశం దాదాపు సగానికి పడిపోయింది. 5.0 దగ్గర పెట్టిన ప్రతి వంద డాలర్లకీ సగటున 31 డాలర్లు నష్టం. ఔట్‌రైట్‌లో ఇదే తప్పు ఇంకా ఘోరం. గీతని 16కి జరిపితే 4 శాతం కాస్తా 1.5 అవుతుంది. కాకపోతే ఔట్‌రైట్‌లో టై అయితే ప్లేఆఫ్ పెట్టి ఒక్కణ్ణే తేలుస్తారు. టాప్ టెన్‌లో ఆ సౌకర్యం లేదు, అసలు దెబ్బ అక్కడ పడుతుంది.

2023 ఓపెన్ ఛాంపియన్‌షిప్ తీసుకోండి. మన శుభాంకర్ శర్మ, కామెరాన్ యంగ్ 8వ స్థానం పంచుకున్నారు. ఆ రెండు స్థానాలూ పదిలోపలే కాబట్టి పందెం పూర్తిగా చెల్లుతుంది. తర్వాత ఫ్లీట్‌వుడ్, హోమా, జోర్డాన్ ముగ్గురూ T10. ఉన్నది ఒక్క స్థానం! మామూలు డెడ్ హీట్ రూలు ప్రకారం పందెంలో మూడో వంతే గెలిచినట్టు. వాళ్లలో ఒకడి మీద 2.5కి 100 డాలర్లు పెట్టి ఉంటే చేతికొచ్చేది 83. "గెలిచాం" అని చెప్పుకుంటూ 17 డాలర్లు పోగొట్టుకోవడం అన్నమాట. (కొన్ని చోట్ల టైలకి పూర్తిగా ఇస్తామంటారు, ఆ మేరకు ఆడ్స్ ముందే కోసేస్తారు. ఊరికే ఎవడిస్తాడు?)

మావాడు పాత ఫలితాల్లో T10 అని కనబడ్డ ప్రతివాణ్ణీ పూర్తి గెలుపుగా లెక్కేసి, మోడల్‌ని దానికి సరిపెట్టుకున్నాడు. ఆ లెక్కన 2023 ఓపెన్‌లో టాప్ టెన్‌లో పన్నెండు మంది! దీన్ని పట్టుకోవడానికి పెద్ద తెలివితేటలు అక్కర్లేదు. ఫీల్డ్‌లో అందరి టాప్ టెన్ అవకాశాలూ కూడితే సరిగ్గా 10 రావాలి, ఎందుకంటే బుకీ పూర్తిగా డబ్బిచ్చే స్థానాలు అవే.

ఆ కాలమ్ మొత్తం ఎంతో చెప్పమని మెసేజ్ పెట్టాను. 11.7 అన్నాడు. మిగతా 1.7 స్థానాలు ఏ గోల్ఫ్ కోర్సులో ఉన్నాయిరా అని అడిగాను. రెండు రోజులైంది, పక్క గదిలోనే ఉన్నాడు, ఇంకా జవాబు రాలేదు.