చదివించే పేరా పిల్లవాడికి తగిందేనా? మూడు తూకాలు



పిల్లల చదివే శక్తి గురించి ఈమధ్య పేపర్లలో అంకెలు తరచూ వస్తున్నాయి. 2024 అసర్ సర్వే ప్రకారం దేశంలోని పల్లెల్లో సర్కారు బడుల మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 23.4 శాతమే. 2021లో మొదలైన నిపుణ్ భారత్ పథకం 2026-27 నాటికి మూడో తరగతి ముగించే ప్రతి బిడ్డా నిమిషానికి కనీసం 60 పదాలు అర్థంతో చదవాలని గురి పెట్టుకుంది. ఈ అంకెలు చూసి కొందరు తల్లిదండ్రులు ఇంట్లో గడియారం పెట్టి పిల్లల చేత చదివిస్తున్నారు. మంచిదే. అయితే ఏ పేరా చదివిస్తున్నారు? ఆ సంగతి తేల్చకుండా 60 అన్నా, 40 అన్నా దానికి అర్థం లేదు. పేరా తగనిదైతే చక్కగా చదివే పిల్లవాడికి కూడా "వెనకబడ్డాడు" అనే పేరు పడుతుంది. మన హోసూరు వైపు ఆ పేరు పడితే ఇంట్లో వచ్చే తరువాతి మాట "తెలుగు సెక్షన్ మాన్పిద్దాం" అని.

ఒక పేరా ఫలానా తరగతికి తగునా అని చూడడానికి మేము మూడు తూకాలు వాడతాం. మొదటిది వాక్యం పొడవు, రెండోది తెలియని మాటల బరువు, మూడోది చదవకముందే తెలిసి ఉండవలసిన సంగతులు. ఉదాహరణకు నేనే రాసిన రెండు పేరాలు చూడండి. రెండూ అయిదో తరగతికి అనుకుందాం.

మొదటి పేరా: "గోదావరికి వరద వచ్చింది. లంకలు మునిగాయి. గేదెలను గట్టు మీదికి తోలారు. పంటు ఆగిపోయింది. రేవులో పడవలు కట్టేశారు. రాత్రికి రెండో హెచ్చరిక ఇచ్చారు. జనం గట్టు వదలలేదు."

రెండో పేరా: "వాన పడగానే నాయన మడిలో రాగి నారు పోశాడు. మూడు వారాలు దాటాక అమ్మా, అత్తా కలిసి ఆ నారు పీకి, దున్నిన చేలో వరుసగా నాటారు. కలుపు తీసిన రోజు నేను కూడా బడి వదలగానే చేనికి వెళ్లి, పీకిన గడ్డిని మోపు కట్టి మా ఎనుముకు వేశాను."

ముందు వాక్యం పొడవు చూద్దాం. మొదటి దాంట్లో 7 వాక్యాలు, 21 పదాలు. అంటే వాక్యానికి సగటున 3 పదాలు. రెండో దాంట్లో 3 వాక్యాలు, 36 పదాలు. సగటు 12. ఈ లెక్క ఒక్కటే చూస్తే మొదటిది రెండో తరగతికి, రెండోది అయిదో తరగతికి అనిపిస్తుంది.

కానీ తెలుగులో పదాలు లెక్కపెట్టడం అంత నమ్మదగిన పని కాదు. మనం "చదవలేకపోయినందువల్ల" అని ఒకే పదంగా రాసేదాన్ని హిందీవాళ్లు అయిదు పదాలుగా విడదీసి రాస్తారు. కాబట్టి తెలుగులో 60 పదాలు, హిందీలో 60 పదాలు ఒకే పని కాదు. 2022లో కేంద్రం జరిపిన బునియాదీ చదువుల అధ్యయనంలో 20 భాషల్లో పిల్లలను పరీక్షించి, ఏ భాషకా భాషకు వేరుగా కొలత పెట్టింది ఇందుకే. పొరుగింటి పిల్లవాడు ఇంగ్లీషు పేరాను నిమిషానికి ఎన్ని పదాలు చదివాడో దాంతో మీవాడి తెలుగును పోల్చకండి.

పదాల లెక్క కంటే ముఖ్యమైనది వాక్యం అల్లిక. తెలుగు వాక్యంలో అసలు క్రియ చివర్న వస్తుంది. అంతదాకా ఎవరు, ఏమిటి అన్నది పిల్లవాడు మనసులో మోసుకుపోవాలి. రాగి పేరాలోని చివరి వాక్యంలో 16 పదాలున్నా చేసినవాడు ఒక్కడే. నేను వెళ్లి, కట్టి, వేశాను. పనులు జరిగిన వరుసలోనే వచ్చాయి. పిల్లవాడు తడబడడు. ఇప్పుడు ఈ వాక్యం చూడండి: "వరదలో మునిగిన లంకల నుంచి వచ్చినవాళ్లకు పంచాయతీవారు వండించిన అన్నం చాలలేదు." తొమ్మిదే పదాలు. కానీ మునిగినవి ఒకటి, వచ్చినవాళ్లు ఇంకొకరు, వండించినవాళ్లు మరొకరు. చివరికి చాలనిది అన్నం. నలుగురు కర్తలను తొమ్మిది పదాల్లో కుక్కాం. అయిదో తరగతికి 16 పదాల వాక్యం కంటే ఇదే బరువు. అందుకని మేము పదాలతోబాటు ఒక వాక్యంలో కర్త ఎన్నిసార్లు మారిందో చూస్తాం. రెండుసార్లకు మించి మారితే ఆ వాక్యాన్ని విడదీస్తాం.

ఇక రెండో తూకం, తెలియని మాటలు. వరద పేరాలో మన పిల్లలకు పరాయి మాటలు ఏవి? లంక అంటే మన పిల్లలకు రావణుడి లంకే. గోదావరి పాయల నడుమ ఒండ్రు మేట వేసి ఏర్పడ్డ దీవులనీ, వాటి మీద ఊళ్లున్నాయనీ తెలియదు. గట్టు అంటే ఇక్కడ కొండ, అక్కడ నదికి వేసిన కట్ట. గేదె మనకు ఎనుము. జనాన్ని, బండ్లను ఏరు దాటించే పంటు ఇక్కడ ఎవరూ చూడలేదు. రేవు పాఠాల్లో తప్ప వినపడదు. 21 పదాల్లో 6 చోట్ల ఈ మాటలే వచ్చాయి. నాలుగో వంతుకు పైనే. అమెరికా విద్యావేత్త ఎమెట్ బెట్స్ 1946లో చెప్పిన లెక్క ఇప్పటికీ చాలాచోట్ల వాడుకలో ఉంది. నూటికి 95 పదాలు వస్తే టీచరు సాయంతో చదవగలడు, 90 కంటే తగ్గితే విసిగిపోతాడు. మన వరద పేరాలో ఆ లెక్క 71 దగ్గరే ఆగింది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. బెట్స్ లెక్క ఇంగ్లీషుకు పుట్టింది. ఇంగ్లీషులో తెలియని మాటను పైకి చదవడమే కష్టం, కాబట్టి పిల్లవాడు ఎక్కడ ఆగాడో వింటే చాలు. తెలుగులో రాసినట్టే పలుకుతాం. గుణింతాలు, ఒత్తులు వచ్చిన పిల్లవాడు "పంటు" అన్నా, "లంకలు" అన్నా తడుముకోకుండా చదివేస్తాడు. వినే తండ్రికి గడగడా చదివాడని సంతోషం. లోపల ఒక్క ముక్కా ఎక్కి ఉండదు. కాబట్టి తెలుగులో పైకి చదివించి వినడం ఒక్కటే చాలదు, మాట అర్థం అడగాలి. అందులోనూ బొత్తిగా తెలియని మాట కంటే, తెలిసినట్టు కనిపించే మాటే ఎక్కువ మోసం చేస్తుంది. "పంటు అంటే ఏంటి సార్?" అని పిల్లలు అడుగుతారు. "గట్టు అంటే ఏంటి?" అని అడగరు. వరదొస్తే ఎనుములను కొండ మీదికి తోలారనుకుని ముందుకు పోతారు.

మూడోది ముందే తెలిసి ఉండవలసిన సంగతులు. వరద పేరా కింద "జనం గట్టు ఎందుకు వదలలేదు?" అని ప్రశ్న వేశారనుకోండి. జవాబు పేరాలో లేదు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఇస్తారు. రెండోది ఇచ్చారంటే నీరు తగ్గలేదు, ఇంకా పెరిగింది, ఇంటికి దిగే వీల్లేదు అని అర్థం. కోనసీమ పిల్లవాడికి ఇది ఎవరూ నేర్పనక్కర్లేదు. మన పిల్లవాడు ఎంత బాగా చదివినా ఈ జవాబు ఊహించలేడు. అదే రాగి పేరా లంకలో పెరిగిన పిల్లవాడికిస్తే వాడు మూడు వారాల తరువాత నారు పీకడం ఎందుకని కాకపోయినా, ఎనుము అంటే ఏమిటని ఆగిపోవచ్చు.

ఈ సంగతిని 1988లో డోనా రెక్ట్, లారెన్ లెస్లీ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు చక్కగా చూపించారు. బేస్‌బాల్ ఆట గురించిన పేరా పిల్లలకిచ్చారు. చదవడంలో వెనకబడ్డారనుకున్నవాళ్లలో ఆట బాగా తెలిసినవాళ్లు, చదవడంలో ముందున్నా ఆట తెలియనివాళ్ల కంటే ఎక్కువ గుర్తుపెట్టుకుని చెప్పారు.

మరి వరద పేరాను మన పిల్లలకు తగినట్టు ఎలా చేయాలి? వాక్యాలు ఇంకా చిన్నవి చేస్తే లాభం లేదు. ఇప్పటికే ముక్కలుగా ఉన్నాయి. ముక్కలు చేసేటప్పుడు "అందుకే", "కాబట్టి", "పెరగడంతో" లాంటి అతుకులు పోతాయి. ఆ అతుకులు లేకనే జవాబు దొరకలేదు. చివరి రెండు వాక్యాలను ఇలా మారిస్తే చాలు: "నీరు ఇంకా పెరగడంతో రాత్రికి రెండో హెచ్చరిక ఇచ్చారు. అందుకే లంకలవాళ్లు గోదావరి కట్ట మీదే ఉండిపోయారు." మొదట్లో లంక అంటే ఏమిటో ఒక వాక్యం, పంటు అంటే ఏమిటో ఇంకొక వాక్యం చేర్చాలి. పేరా పెద్దదవుతుంది, వాక్యం సగటు పెరుగుతుంది, కానీ పిల్లవాడికి సులువవుతుంది.

అలాగని ఎప్పుడూ రాగి చేను, ఎనుము పేరాలే ఇద్దామా? అలా చేస్తే మన పిల్లలు గోదావరి దాకా ఎప్పటికీ చేరరు. మా బడిలో పెట్టుకున్న నియమం ఒక్కటే: పాఠంగా చెప్పే పేరాలో మూడు తూకాల్లో ఒక్కటే బరువుగా ఉండాలి. సంగతి కొత్తదైతే మాటలు తెలిసినవి, వాక్యాలు తిన్నగా ఉన్నవి కావాలి. మాటలు కొత్తవైతే సంగతి మన ఊరిదై ఉండాలి. టీచరు పక్కన ఉండని పరీక్షలో మాత్రం మూడూ తేలికగా ఉంటేనే ఆ మార్కు పిల్లవాడి చదువును చూపుతుంది. లేకపోతే వాడు ఏ నది ఒడ్డున పుట్టాడో చూపుతుంది.

ఇంట్లో మీరు చేయవలసింది ఇది. మీవాడు ఒక పేరా చదివాక గడియారం పక్కన పెట్టండి. నాలుగైదు మాటలు మీరే ఎంచి అర్థం అడగండి. అందులో ఒకటి వాడికి తెలిసిందేనని మీరు అనుకునే మాట కావాలి. తరువాత "ఎందుకు" అని ఒక ప్రశ్న వేయండి. జవాబు రాకపోతే, ఆ జవాబు అసలు పేరాలో ఉందా అని ముందు మీరు చూడండి. లేకపోతే తప్పు మీవాడిది కాదు. ఆ పేరాను పుస్తకంతోబాటు మాకు పంపండి.

పిల్లలూ, మీకొక మాట. చదువుతుంటే తెలిసిన మాటే వచ్చి, అక్కడ అది పొసగనట్టు అనిపిస్తే ఆగండి. వరదొస్తే ఎనుములను కొండెక్కించడమేంటి అనిపించిందా? అక్కడ ఆగి అడిగినవాళ్లే నిజంగా చదువుతున్నట్టు.