తొమ్మిది ఫైళ్లు పంపితే రెండే తెరిచారు

‘‘ఇంటర్న్‌షిప్ చేశానని రెజ్యూమెలో రాశారు, సర్టిఫికెట్ పంపలేదేం?’’ నా రెండో ఇంటర్వ్యూలో ఎదురైన మొదటి ప్రశ్న ఇది. ‘‘పంపాను సార్’’ అన్నాను. ఆయన ల్యాప్‌టాప్ నా వైపు తిప్పారు. నా మెయిల్‌లో తొమ్మిది అటాచ్‌మెంట్లు ఉన్నాయి. ఏడోది సర్టిఫికెట్టే, కానీ దాని పేరు Scan0007.pdf. ఆయన తెరిచినవి మొదటి రెండే: రెజ్యూమె, టెన్త్ మెమో. తప్పు ఆయనది అనుకుంటూ ఇంటికొచ్చాను. తర్వాత నా మెయిల్ నేనే తెరిచి చూస్తే, ఏ ఫైల్‌లో ఏముందో నాకే గుర్తురాలేదు.

చదివేవాళ్లు పై నుంచి మొదలుపెడతారు. కావాల్సింది దొరికిన చోట, లేదా విసుగొచ్చిన చోట ఆగిపోతారు. కాబట్టి అన్నీ చదువుతారనే లెక్కతో కాకుండా, రెండు మాత్రమే చదివితే ఏమవుతుందనే లెక్కతో ఫైళ్లు పంపాలి.

ముందు వరస చూద్దాం. మనలో చాలామంది టెన్త్, ఇంటర్, బీటెక్ అని చదువుకున్న క్రమంలో జతచేస్తాం. ఉద్యోగమిచ్చేవాళ్లకు కావాల్సింది దాదాపు దీనికి తలకిందులు. రెజ్యూమె మొదట, దాంట్లో చెప్పిన పనికి రుజువు రెండోది, డిగ్రీ మార్కులు మూడోది, పాత మెమోలు చివర. 1-1 నుంచి 4-2 దాకా ఎనిమిది సెమిస్టర్ల మెమోలను ఎనిమిది ఫైళ్లుగా పంపొద్దు. కన్సాలిడేటెడ్ మెమో వచ్చి ఉంటే అదొక్కటే చాలు. రాకపోతే ఎనిమిదింటినీ సెమిస్టర్ల వరసలో ఒకే పీడీఎఫ్‌గా కలపండి. అలా సర్దాక నా తొమ్మిది ఫైళ్లు నాలుగయ్యాయి.

ఇక పేర్లు. ఫైల్ పేరుకు ముందు 1, 2 అని అంకె పెడితే సరిపోతుందని మొదట నేనూ అనుకున్నాను. మన ఫోల్డర్‌లో అది బాగానే ఉంటుంది. కానీ హెచ్‌ఆర్ వాళ్లు వందమంది ఫైళ్లు ఒకే ఫోల్డర్‌లోకి దించుకుంటారు. అక్కడ పేర్ల వరసలో పెడితే వందమంది 1లు ఒకచోట, 2లు ఇంకోచోట చేరతాయి. మీ రెజ్యూమె ఒక మూల, మీ సర్టిఫికెట్ ఇంకో మూల. Resume.pdf అని పంపితే ఇంకా ఘోరం. కంప్యూటర్ దాన్ని Resume (37).pdf చేసేస్తుంది. అందుకే ముందు మీ పేరు, తర్వాత అంకె, ఆపైన విషయం ఉండాలి. ఉదాహరణకు లక్ష్మి అనే అమ్మాయి ఫైళ్లు ఇలా ఉంటాయి:

```
KLakshmi_1_Resume.pdf
KLakshmi_2_Internship.pdf
KLakshmi_3_BTech_Marks.pdf
KLakshmi_4_Inter_SSC.pdf
```

ఎవరి ఫోల్డర్‌లోకి వెళ్లినా ఈ నాలుగూ కలిసే ఉంటాయి, మీరనుకున్న వరసలోనే ఉంటాయి. పేరు మాత్రం పొట్టిగా ఉంచండి. ఫోన్ తెరమీద పొడుగు పేర్లు మధ్యలోనో చివరలోనో తెగిపోతాయి. ఇంటిపేరుతో సహా పూర్తి పేరు రాస్తే ‘Internship’ అన్న మాటే కనబడకపోవచ్చు. ఫైళ్లు తొమ్మిది దాటితే 01, 02 అని రాయండి. కొన్ని సిస్టమ్‌లు అక్షరం అక్షరం పోల్చి 10ని 2 కంటే ముందే పెడతాయి. తేదీ పెట్టాల్సి వస్తే 2025-06-14 అని ఏడాదితో మొదలుపెట్టండి. అప్పుడే పేర్ల వరస, తేదీల వరస ఒకటవుతాయి.

చివరిది మెయిల్‌లో రాసే మాట. ‘‘PFA’’ అని వదిలేయకుండా, ఒక్కో ఫైల్‌కు ఒక్కో వాక్యం రాయండి: ‘‘రెండోది ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్, రెజ్యూమెలోని మూడో పాయింటుకు రుజువు.’’ ‘‘సమయం లేకపోతే మొదటి రెండూ చూస్తే చాలు’’ అని కూడా చెప్పండి. ఏది వదిలేయాలో మీరు చెప్పకపోతే వాళ్లే ఎంచుకుంటారు.

జీమెయిల్‌లో అటాచ్‌మెంట్లన్నీ కలిపి 25 ఎంబీ దాటితే అవి డ్రైవ్ లింకుగా మారతాయి. అనుమతి ఇవ్వకపోతే అవతలివాళ్లకు తెరుచుకోవు. ‘యాక్సెస్ కావాలి’ అని మెయిల్ వచ్చిందంటే కనీసం ఒకరు చదవాలనుకుని ఆగిపోయారని అర్థం. ఆల్రెడీ పంపిన కాగితాన్నే మళ్లీ అడిగారంటే మాత్రం మీ పేర్లు, వరస పనిచేయలేదని గ్రహించండి. ‘‘ముందే పంపాను’’ అనకుండా, ఆ ఒక్క ఫైల్‌నే సరైన పేరుతో మళ్లీ పంపండి.

కంపెనీ పోర్టల్ తన సొంత పద్ధతి చెబితే అదే పాటించాలి, నా పద్ధతి కాదు. మెయిల్ అయితే ముందు మీకే పంపుకోండి. ఫోన్‌లో తెరిచి మొదటి రెండు ఫైళ్లే చదవండి. వాటితోనే మిమ్మల్ని ఇంటర్వ్యూకు పిలవాలనిపిస్తే, అప్పుడు అసలు చిరునామాకు పంపండి.