నిమ్మాకు జిగురుగా ఉంటే వెంటనే వెనక్కి తిప్పి చూడండి

మీ డాబా మీదో పెరట్లోనో నిమ్మచెట్టు ఉంటే ఈరోజే ఒక ఆకు మీద వేలితో రాసి చూడండి. వేలికి జిగురు అంటిందా? చెట్టు కింద గచ్చు మీద అడుగు వేస్తే చెప్పు పట్టుకుంటోందా? కాండం మీద చీమలు బారు కట్టి ఎక్కి దిగుతున్నాయా? ఈ మూడింట్లో ఏ ఒక్కటి ఉన్నా ఆలస్యం చేయకండి. చెట్టు రసం పీల్చే పురుగేదో చేరి ఉండవచ్చు. నిమ్మ మీద అది చాలాసార్లు పొలుసు పురుగే అవుతుంది. ఇళ్ళల్లో పెంచే ఫైకస్ మొక్కకూ ఇదే బెడద.

జిగురు దశలో చెట్టును కాపాడుకోవడం సులువు. చాలామంది ఆ దశను గమనించరు. ఆకులు నల్లబడ్డాకే ఉలిక్కిపడతారు. అప్పుడు తెగులు సోకిందనుకుని దుకాణంలో అడిగి తెగులు మందు తెచ్చి కొడతారు. దయచేసి ఆ పని చేయకండి. ఆ నలుపు మసి తెగులు. అది ఆకులోపలికి దిగే జబ్బు కాదు. పురుగు విసర్జించిన తియ్యటి జిగురు ఆకుల మీద పడితే, దాని మీద పెరిగే బూజు అది. తడిగుడ్డతో తుడిస్తే చాలావరకు వచ్చేస్తుంది, కింద పచ్చటి ఆకు కనిపిస్తుంది. కానీ ఆ పొర ఉన్నంతకాలం ఎండ ఆకుకు తగలదు, చెట్టుకు తిండి తయారు కాదు. మీరు ఎన్ని తెగులు మందులు కొట్టినా పైన పురుగు ఉన్నంతకాలం జిగురు కారుతూనే ఉంటుంది, మసి మళ్ళీ పడుతూనే ఉంటుంది.

కాబట్టి నల్లబడ్డ ఆకును కాదు, దానికి పైనున్న ఆకులను వెతకండి. జిగురు కిందికి కారుతుంది గనుక పురుగు పైనే ఉంటుంది. ఆకును వెనక్కి తిప్పి నడిమి ఈనె వెంట చూడండి. కొమ్మ మీద, ఆకు తొడిమ దగ్గర చూడండి. గోధుమ రంగులోనో లేత పసుపుపచ్చగానో, చదునుగా, పెసరపప్పు బద్దంత బొడిపెలు కనిపిస్తాయి. కాళ్ళు కనపడవు, కదలవు. అందుకే అవి చెట్టు బెరడులో భాగమేననుకుని వదిలేస్తాం. గోటితో గీకండి. బెరడైతే ఊడదు, పురుగైతే ఊడి వస్తుంది. కింద తడి ఉంటే బతికున్నట్టు. పొడిగా పొట్టులా రాలితే చచ్చినట్టు. పొలుసుకు గుండ్రటి చిన్న రంధ్రం ఉంటే ఇంకా మంచిది. పరాన్నజీవి కందిరీగ లోపల పెరిగి, పురుగును తిని బయటికి వెళ్ళిపోయిందన్న మాట.

ఇంకో మాట. జిగురు లేదు గనుక పొలుసు పురుగు లేదని ధీమాగా ఉండకండి. గట్టి పెంకున్న రకాలు జిగురు వదలవు. నిమ్మ, బత్తాయి కాయల మీద, కొమ్మల మీద ఎర్రటి గుండ్రటి చుక్కల్లా అతుక్కుని, కొమ్మల్ని చివరి నుంచి ఎండబెట్టేస్తాయి. చుక్కల్ని కూడా గోటితో గీకి చూడాల్సిందే.

ఇక వేపనూనె. మంచి మందే, కానీ అది చేయలేని పనిని దానికి అప్పగించకండి. ముదిరిన పురుగు తన పొలుసు కింద భద్రంగా ఉంటుంది, మందు దానికి సరిగా తగలదు. వేప బాగా పనిచేసేది పిల్ల పురుగుల మీద. గుడ్డు నుంచి బయటికొచ్చిన పిల్ల కొన్ని గంటలో ఒకటి రెండు రోజులో పాకి, నచ్చిన చోట ముక్కు గుచ్చి స్థిరపడుతుంది. అప్పటికి దానికి గట్టి కవచం ఉండదు. నూనె దాని ఊపిరి ఆపుతుంది. వేపలోని అజాడిరాక్టిన్ దాన్ని కుబుసం విడవనివ్వదు. పిల్లలన్నీ ఒకేరోజు పుట్టవు గనుక ఒక్కసారి కొట్టి ఊరుకుంటే లాభం లేదు.

నడుమెత్తు నిమ్మచెట్టు డ్రమ్ములో ఉందనుకుందాం. ముందు బాగా పట్టిన కొమ్మలు కత్తిరించి సంచిలో కట్టి పారేయండి, పక్క కుండీల్లో వేయకండి. మిగిలిన బొడిపెల్ని పాత టూత్‌బ్రష్షుతో, సబ్బునీళ్ళతో మెల్లగా రుద్ది రాల్చండి. సగం విజయం ఈ రుద్దుడులోనే ఉంది. తర్వాత రెండు లీటర్ల మందు చాలు. పది మిల్లీలీటర్ల వేపనూనె, అంటే రెండు టీస్పూన్లు, తీసుకోండి. అందులో ఒక చిన్న చెంచా ద్రవ సబ్బు వేసి బాగా కలిపి, కొద్దిగా గోరువెచ్చటి నీళ్ళు పోసి పాలలా తెల్లగా అయ్యేదాకా గిలక్కొట్టండి. ఆ తర్వాతే మిగతా నీళ్ళు. మీ బోరు నీరు ఉప్పనైతే సబ్బు విరిగిపోతుంది, నూనె పైకి తేలుతుంది. తేలిన నూనె ఆకు మీద పడితే ఆకు మాడుతుంది. అలాంటి చోట కుంకుడు రసమో వాన నీళ్ళో వాడండి. కలిపింది ఆరోజే వాడేయండి. దుకాణంలో అజాడిరాక్టిన్ శాతం రాసి అమ్మే వేపమందు కొంటే, మోతాదు సీసా మీద రాసినంతే. రెండూ కలపకండి.

ముందు నాలుగు ఆకులకు కొట్టి రెండు రోజులు చూడండి. మాడకపోతే సాయంత్రం ఎండ తగ్గాక చెట్టంతా, ముఖ్యంగా ఆకుల అడుగున కారేట్టు తడపండి. ఎండలో వేప సత్తువ త్వరగా పోతుంది, ఆకూ కాలుతుంది. మండు వేసవిలో, నీళ్ళు లేక వాడిన చెట్టుకు అసలు కొట్టకండి. పూత మీద తేనెటీగలు తిరిగే వేళ కూడా వద్దు. వారం పది రోజులకొకసారి, మూడు నాలుగు విడతలు కొట్టండి. పని చేసిందో లేదో ముదురు బొడిపెల్ని చూసి తేల్చుకోకండి. చచ్చినవి కూడా నెలల తరబడి అంటుకునే ఉంటాయి. కొత్త చిగురును చూడండి. అది శుభ్రంగా, జిగురు లేకుండా ఉంటే మందు పనిచేస్తోంది.

చీమల్ని మరవకండి. అవి జిగురు కోసం పొలుసు పురుగును పశువుల్లా కాస్తాయి, దాన్ని తినే అక్షింతల పురుగుల్ని, కందిరీగల్ని తరిమేస్తాయి. కాండానికి గుడ్డ చుట్టి, దాని మీద గ్రీజు రాయండి. బెరడుకు నేరుగా రాయవద్దు. గోడకో పక్క చెట్టుకో తగిలే కొమ్మలుంటే కత్తిరించండి, లేదంటే చీమలు అటునుంచి వస్తాయి. చీమలు లేని చెట్టు మీద దూది పోగుల్లాంటి తెల్లటి పురుగు చురుగ్గా తిరుగుతుంటే చంపేముందు ఆగి చూడండి. అది అక్షింతల పురుగు పిల్ల కావచ్చు, పొలుసు పురుగుల్నీ పిండినల్లినీ తింటుంది. యూరియా కూడా కొన్నాళ్ళు ఆపండి. లేత చిగురు ఎక్కువైతే రసం పీల్చే పురుగులకు పండగే.

చివరగా ఇంట్లో పిల్లలున్నవాళ్ళకు ఒక విన్నపం. వేప చెట్టు నుంచి వచ్చిందే కదా అని నూనె సీసాను వంటగదిలో పెట్టకండి. చిన్నపిల్లలు తాగితే వాంతులు, మూర్ఛలు వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. తాగినట్టు అనుమానం వస్తే వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా సీసాతో సహా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. మందు కొలిచిన చెంచాను వంటకు వాడకండి, మందు కొట్టిన చెట్టు కాయలు కడగకుండా వాడకండి. మసి పట్టిన కాయలు మాత్రం నీళ్ళతో రుద్ది కడిగితే శుభ్రమవుతాయి, నిక్షేపంగా వాడుకోవచ్చు.