హాష్ ఎవరు పంపారు?

ఆఫర్ లెటర్ పీడీఎఫ్ కన్సల్టెన్సీ నుంచి వాట్సాప్‌లో వచ్చిందనుకోండి. మధ్యలో జీతం అంకె మారిందేమో లోగో చూసి తేల్చలేరు. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో, ఫైల్ ఉన్న ఫోల్డర్‌కు వెళ్లి ఇలా కొట్టండి:

```
certutil -hashfile offer.pdf SHA256
```

64 అక్షరాల వరుస వస్తుంది. కంపెనీ హెచ్‌ఆర్ దగ్గరున్న ఫైల్ హాష్‌తో మొత్తం కలిస్తే, ఫైల్ మారనట్టే. పేరు మార్చినా హాష్ మారదు. తెరిచి మళ్లీ సేవ్ చేస్తే మాత్రం, చూడ్డానికి ఒకేలా ఉన్నా మారిపోవచ్చు. అందుకే తేడా రాగానే మోసమనకండి, ఒరిజినల్ అడగండి.

నా దృష్టిలో అసలు మెలిక వేరే. హాష్ కూడా ఆ కన్సల్టెన్సీయే పంపితే దానికి విలువ లేదు. ఫైల్ మార్చినవాళ్లు కొత్త హాష్ తీసి పంపలేరా? కంపెనీ వెబ్‌సైట్‌లోని ఈమెయిల్‌కు మీరే రాసి తెప్పించుకోండి. లెటరే నేరుగా పంపిస్తామంటే ఇంకా మేలు.