తగ్గాల్సింది కొవ్వు, కండ కాదు

‘నెలలో 8 కిలోలు తగ్గాను డాక్టర్ గారూ, కానీ జిమ్‌లో మునుపటి బరువులు లేపలేకపోతున్నా’ అనే మాట ఓపీలో తరచూ వింటుంటాను. తిండిని ఒక్కసారిగా సగానికి కోసేస్తే జరిగేదిదే. లోటు మరీ పెద్దదైతే శరీరం కొవ్వుతో పాటు కండనూ కరిగించుకుంటుంది. అందుకే రోజువారీ అవసరంలో 15 నుంచి 20 శాతం మించి కోత పెట్టొద్దన్నది నా అభిప్రాయం.

ఒక ఉదాహరణ చూద్దాం. 42 ఏళ్ల ఉద్యోగి, బరువు 82 కిలోలు. రోజంతా కుర్చీలో పని, వారానికి మూడు రోజులు జిమ్. ఇలాంటివారికి కిలోకు 28 కేలరీల చొప్పున, రోజుకు సుమారు 2,300 కావాలి. ఇది అంచనా మాత్రమే. అంత తింటూ రెండు వారాలు బరువు నిలకడగా ఉంటే లెక్క సరైనట్టే. అందులో 400 తగ్గిస్తే 1,900. నెలకు దాదాపు కిలోన్నర తగ్గుతుంది. నెమ్మదే, కానీ తగ్గేది ఎక్కువగా కొవ్వే.

మరి ఎక్కడ తగ్గించాలి? చాలామంది రాత్రి భోజనమే మానేస్తారు. దాంతో పప్పు, పెరుగు కూడా పోతాయి. బదులుగా మధ్యాహ్నం, రాత్రి ఒక్కో కప్పు అన్నం తగ్గిస్తే 400 కేలరీలు పోతాయి. సాయంత్రం గుప్పెడు మిక్చర్ మానితే మరో 150, కూరల్లో నూనె, టీలో చక్కెర తగ్గిస్తే ఇంకో 150. మొత్తం 700. ఇందులో 300 కేలరీలను రెండు గుడ్లు, వంద గ్రాముల స్కిన్‌లెస్ చికెన్ రూపంలో తిరిగి తినాలి. శాకాహారులైతే చికెన్‌కు బదులు 50 గ్రాముల మీల్ మేకర్, గుడ్లకు బదులు చిక్కటి పప్పు, పెరుగు తీసుకోవచ్చు. ఈయన చేరాల్సిన బరువు 70 కిలోలు అనుకుంటే, కిలోకు 1.2 గ్రాముల చొప్పున రోజుకు కనీసం 84 గ్రాముల ప్రొటీన్ అందాలి.

అన్నం పూర్తిగా మానేయొద్దు. వ్యాయామానికి సత్తువ ఇచ్చేది ప్రధానంగా పిండి పదార్థాలే. జిమ్‌కు వెళ్లే రోజు గంటన్నర ముందు రెండు ఇడ్లీలో, ఓ అరటిపండో తినండి. అవీ ఆనాటి లెక్కలోవే. బరువులు లేపే వ్యాయామం మాత్రం ఆపొద్దు. కండ అవసరం ఉందని శరీరానికి తెలిసేది దానివల్లే.

దారి సరైనదో కాదో ఒక్క తూకం చెప్పదు. మొదటి వారంలో తగ్గేది చాలావరకు నీరే. రెండు వారాలకోసారి బొడ్డు దగ్గర నడుము కొలవండి, జిమ్‌లో లేపిన బరువులు రాసుకోండి. నడుము తగ్గుతూ బరువులు అలాగే ఉంటే కరుగుతున్నది కొవ్వు. నడుము కదలకుండా డంబెల్స్ బరువెక్కుతుంటే, నిద్ర కూడా చెడితే, లోటు ఎక్కువైనట్టే. రోజుకు 150 నుంచి 200 కేలరీలు తిరిగి కలపండి.

మధుమేహానికి ఇన్సులిన్, మాత్రలు వాడేవారు తిండి తగ్గిస్తే షుగర్ పడిపోవచ్చు. కిడ్నీ జబ్బున్నవారు ప్రొటీన్ పెంచకూడదు. వీరు ముందుగా తమ డాక్టర్‌ను అడిగాకే మొదలుపెట్టాలి.